అజెండా లేని మీటింగ్‌కి ‘రాను’ అని చెప్పడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

శుభలేఖ వచ్చింది. ముహూర్తం ఉంది, కల్యాణ మండపం అడ్రసు ఉంది, పెళ్ళి ఎవరిదో మాత్రం రాయలేదు. వెళ్తారా? ఆఫీసు క్యాలెండర్‌లో ఇలాంటి శుభలేఖలు వారానికి నాలుగైదు వస్తాయి, మనం అన్నిటికీ వస్తామని నొక్కేస్తాం. నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌లో పనిచేస్తాను, మేం ఎక్కువగా మాట్లాడే అవతలి టీమ్ డాలస్‌లో ఉంటుంది, కాబట్టి మా ఇన్వైట్లు చాలావరకు రాత్రి అన్నం వేళకే పడతాయి. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళు టీ దగ్గర నన్ను మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలే ఇవి. కింద రాసిన మెసేజ్‌లు మామూలుగా ఆఫీసులో ఇంగ్లీషులోనే వెళ్తాయి, ఇక్కడ తెలుగులో పెట్టాను. మాటలు మీవి వాడుకోండి, వరస చూడండి చాలు.

అజెండా లేదు అంటే సరిగ్గా ఏది లేనట్టు?

టైటిల్ ఉంటే అజెండా ఉన్నట్టు కాదు. "రీఫండ్ రిపోర్ట్ డిస్కషన్" అన్నది టాపిక్ మాత్రమే. "రీఫండ్ రిపోర్ట్‌లో కారణం అనే కొత్త కాలమ్ ఈ నెలలోనే కావాలా, వచ్చే నెల సరిపోతుందా, ఇది తేల్చాలి" అని రాస్తే అది అజెండా, ఎందుకంటే అది చదవగానే నేను అక్కడ అవసరమా కాదా, వెళ్తే ఏం తీసుకెళ్ళాలి అనేది నాకు తెలిసిపోతుంది. ఒక్క వాక్యం చాలు, పాయింట్ల వారీగా పెద్ద పట్టిక అక్కర్లేదు.

అయితే అజెండా లేదని తేల్చేముందు ఒక ఐదు నిమిషాలు వెతకండి. చాలాసార్లు అది ఇన్వైట్‌లో ఉండదు, కిందటి రోజు మెయిల్ థ్రెడ్‌లోనో గ్రూప్ చాట్‌లోనో "సరే, దీనికి రేపు కాల్ పెడతాను" అన్న మాట దగ్గర ఉంటుంది. అది మీరే చదవకుండా అజెండా ఏది అని అడిగితే పరువు పోయేది మీది.

నేరుగా Decline నొక్కేస్తే పోలా? అజెండా లేకపోతే రాననేది రూలే కదా?

అలా రూలు పెట్టుకున్నవాళ్ళని నేను చూశాను. మొదటి నెల బాగానే ఉంటుంది. తర్వాత జనం వాళ్ళని పిలవడం మానేస్తారు, లేదా అజెండా గడిలో "చర్చ", "అప్‌డేట్స్" అని ఒక ముక్క పడేసి పిలుస్తారు, దానికి వీళ్ళ దగ్గర జవాబు ఉండదు.

ఇన్వైట్ పంపినాయనకి ఏదో ఒక అవసరం ఉంది. దాన్ని మాటల్లో పెట్టడానికి తీరిక లేకో, సరిగ్గా ఏం కావాలో తనకే స్పష్టంగా తెలియకో మీటింగ్ పెట్టాడు. మీరు ఊరికే కాదన్నారంటే ఆ అవసరం అలాగే మిగిలిపోతుంది, రేపు అది ఇంకో ఇన్వైట్ అవుతుంది, లేదా మీ మేనేజర్‌కి ఫోన్ అవుతుంది. అందుకే నేను చేసేది ఇది: ఆయన అడగబోయే ప్రశ్న ఏంటో ఊహించి, దాని జవాబుని ‘రాను’ అనే మెసేజ్‌లోనే పెట్టి పంపుతాను. మీటింగ్‌లో జరగాల్సిన పనిలో సగం ఆ మెసేజ్‌లోనే అయిపోవాలి. అప్పుడు అది నిరాకరణలా అనిపించదు, పని ముందుకు జరిగినట్టే ఉంటుంది.

ప్రశ్న ఊహించడం అంటే ఎలా? ఒక ఉదాహరణ చెప్పండి.

మాకు జరిగిందే చెప్తాను. ఒక బుధవారం మధ్యాహ్నం ఇన్వైట్ వచ్చింది: "రీఫండ్ రిపోర్ట్ – సింక్", గురువారం రాత్రి 8:30కి, గంటసేపు, తొమ్మిది మంది. కింద మీటింగ్ లింకు తప్ప ఇంకేం లేదు. పంపింది డాలస్‌లో రిపోర్టులు చూసే టీమ్ లీడ్, మంచాయన, మూడేళ్ళుగా తెలిసిన మనిషి.

ముందు నేను చూసేది పేర్ల జాబితా. ఎవరున్నారు అనేదానికంటే ఎవరు లేరు అనేది ఎక్కువ చెప్తుంది. రెండు రోజులుగా మా ఫైల్ వాళ్ళకి ఆలస్యంగా వెళ్తోంది, ఉదయం 6కి అందాల్సింది 7:40కి అందుతోంది, అది నాకు తెలుసు. మీటింగ్ దాని గురించే అయితే సర్వర్లు, జాబులు చూసే టీమ్ నుంచి ఒక్కరైనా ఉండాలి. ఎవరూ లేరు. మరోపక్క ప్రొడక్ట్ మేనేజర్ ఉన్నారు, టెస్టింగ్ నుంచి ఒకరున్నారు. ప్రొడక్ట్ మేనేజర్‌ని పిలిచారంటే ఏదో ఒకటి కావాలని గానీ వద్దని గానీ తేల్చాలని అర్థం. గత వారం మెయిల్ థ్రెడ్ తెరిస్తే, రిపోర్ట్‌లో రీఫండ్ కారణం కూడా కనపడాలని ఆవిడే అడిగారు, మా వైపు నుంచి ఎవరూ జవాబివ్వలేదు. దొరికింది. అసలు విషయం కాలమ్, ఆలస్యం గొడవ పక్కన వచ్చే ప్రశ్న.

అప్పుడు ఈ మెసేజ్ రాశాను, లీడ్ ఒక్కడికే, చాట్‌లో:

"సర్, రేపటి రీఫండ్ సింక్ ఇన్వైట్ చూశాను. ఇది రెండు విషయాల గురించి అనుకుంటున్నాను, కాకపోతే చెప్పండి. ఒకటి, ఫైల్ ఆలస్యం: దానికి ముందు నడవాల్సిన జాబ్ రెండు రోజులుగా లేటుగా ముగుస్తోంది. సరిచేసే మార్పు సోమవారం వెళ్తుంది, అప్పటిదాకా ఫైల్ మీ టైమ్ 7:45కి వస్తుందని లెక్కేసుకోండి. రెండు, కారణం కాలమ్: మా వైపు నాలుగు రోజుల పని, ఈ రోజు సరే అంటే వచ్చే గురువారానికి టెస్టింగ్‌కి ఇస్తాను. కాలమ్ ఎలా కనిపిస్తుందో పది వరుసల నమూనా ఫైల్ జతచేశాను. ఈ రెండే అయితే నేను గురువారం కాల్‌కి రావడం లేదు, నమూనా చూసి సరే అనో మార్చమనో శుక్రవారం లోపు ఇక్కడే చెప్పండి. ఇవి కాక ఇంకేదైనా తేల్చాల్సి ఉంటే, శుక్రవారం సాయంత్రం 6:30కి మీరు, ప్రొడక్ట్ మేనేజర్, నేను 15 నిమిషాలు మాట్లాడుకుందాం."

దీన్ని రాయడానికి, నమూనా ఫైల్ తీయడానికి కలిపి నాకు 40 నిమిషాలు పట్టింది. గంట మీటింగ్ తప్పించుకోడానికి 40 నిమిషాలా అని మా కుర్రాడొకడు నవ్వాడు. నాకు మిగిలింది 20 నిమిషాలే, ఒప్పుకుంటాను. కానీ ఆ గంట తొమ్మిది మందిది, పైగా ఆ నమూనా మీటింగ్ అయ్యాక ఎలాగూ నేనే చేయాల్సి వచ్చేది.

తర్వాత ఏం జరిగింది?

రాత్రికి ఆయన జవాబిచ్చాడు. ఆలస్యం సంగతి తేలిపోయిందన్నాడు, కాలమ్‌కి సరే అన్నాడు, కానీ నేను ఊహించని మూడో ప్రశ్న ఒకటి ఉందట: పాత వరుసలకి కూడా కారణం నింపగలమా, నింపితే ఎన్ని రోజుల వెనక్కి? ఇది రాతలో తేలేది కాదు, ఎందుకంటే ఎంత వెనక్కి వెళ్తే అంత పని, ప్రొడక్ట్ మేనేజర్‌కి నిజంగా ఎంత కావాలో ఆవిడకే అప్పటికి తెలియదు. శుక్రవారం ముగ్గురం కూర్చున్నాం, 15 అన్నది 20 నిమిషాలైంది, 90 రోజుల వెనక్కి చాలని తేలింది. గురువారం మీటింగ్ ఆయనే రద్దు చేశాడు.

నా ఊహ పూర్తిగా నిజం కాలేదు, గమనించండి. మూడింట్లో రెండే పట్టుకున్నాను. అయినా పనిచేసింది, ఎందుకంటే తప్పు ఊహ కనపడగానే మనిషి దాన్ని సరిచేయకుండా ఉండలేడు. "అజెండా పంపండి" అంటే రెండు రోజులు పలకనివాళ్ళు కూడా "అది కాదు, ఇది" అని పది నిమిషాల్లో రాస్తారు.

ప్రత్యామ్నాయం అని దేన్ని అనొచ్చు? "మెయిల్‌లో మాట్లాడుకుందాం" అంటే సరిపోదా?

సరిపోదు. "మెయిల్‌లో మాట్లాడుకుందాం" అన్నప్పుడు ఆ మెయిల్ ఎవరు రాయాలి? ఆయనే. అంటే మీటింగ్ పెట్టడం కంటే ఎక్కువ పని ఆయన నెత్తిన పెట్టారు. మీరు చూపించే దారి ఆయనకి మీటింగ్ కంటే తేలిగ్గా ఉండాలి, లేకపోతే ఆయన మీటింగే ఎంచుకుంటాడు, అందులో తప్పు కూడా లేదు.

ఏ దారి చూపించాలి అనేది ఆ మీటింగ్ దేనికి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆయనకి సమాచారం కావాలంటే చాట్‌లో నాలుగు వాక్యాలు రాసిచ్చేయండి, ఇది అన్నిటికంటే సులువు. పనెంతవరకు వచ్చింది అని అడిగే మీటింగులన్నీ ఈ రకమే.

నిర్ణయం కావాలంటే ఉట్టి సమాచారం చాలదు. ఉన్న దారులు రెండో మూడో రాసి, మీరు దేనికి మొగ్గుతున్నారో చెప్పి, ఒక గడువు పెట్టాలి: "శుక్రవారం మధ్యాహ్నం లోపు ఎవరూ వద్దనకపోతే మొదటి దారిలో వెళ్తాను." ఆ గడువు వాక్యం లేకపోతే డాక్యుమెంట్ అనాథలా పడి ఉంటుంది, అందరూ చూస్తారు, ఒక్కరూ మాట్లాడరు, వారం తర్వాత మళ్ళీ మీటింగే. అయితే ఎవరూ వద్దనకపోతే అనే మాట మీ చేతిలో ఉన్న నిర్ణయాలకే వాడాలి. వేరే టీమ్ బడ్జెట్టో, వేరేవాళ్ళ సెలవులో ఇందులో ఉంటే వాళ్ళు నోటితో సరే అనాల్సిందే.

మూడోది, అందరూ కలిసి ఆలోచించాల్సిన విషయం, లేదా ఇద్దరికి పడని విషయం. దీనికి రాత పనికిరాదు. రాతలో గొడవ పెరుగుతుంది తప్ప తగ్గదు. ఇక్కడ మీరు ఇవ్వగలిగే దారి చిన్న మీటింగ్: తొమ్మిది మంది బదులు ముగ్గురు, గంట బదులు 20 నిమిషాలు, ఒక్క ప్రశ్న. మీకు బదులు వేరేవాళ్ళని పంపడం కూడా ఒక దారే, కానీ వెళ్ళేవాళ్ళకి "నువ్వు సరే అనొచ్చు" అని ముందే చెప్పి పంపాలి. "నేను కనుక్కుని చెప్తానండీ" అనడానికే ఒక జూనియర్‌ని పంపితే వాడి సాయంత్రం పోతుంది, మీ పని కూడా కాదు.

అసలు దేని గురించో నాకు ఏ మాత్రం తెలియడం లేదు. అప్పుడు?

అప్పుడు అడగండి, కానీ "అజెండా ఏంటి?" అని కాదు. ఆ రెండు ముక్కలు చాట్‌లో చూస్తే ఎవరికైనా నిలదీసినట్టే ఉంటుంది. నేను ఇలా అడుగుతాను: "సర్, ఈ కాల్ అయ్యేసరికి ఏది తేలితే మీకు చాలు? తెలిస్తే దానికి కావాల్సినవి ముందే తీసి పెడతాను." ఇందులో నేను వస్తానా రానా అనే మాటే లేదు. జవాబు వచ్చాక సగం సార్లు నేను వెళ్ళాల్సిన పనే ఉండదని ఇద్దరికీ తెలుస్తుంది, మిగతా సగం సార్లు వెళ్ళాలని నాకు తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త, ఇది పంపినవాళ్ళకి విడిగానే అడగండి. అందరికీ వెళ్ళేలా అడిగితే తొమ్మిది మంది ముందు ఆయన తప్పు చూపించినట్టవుతుంది. మీరు మర్యాదగా రాసినా సరే, నలుగురిలో అడిగారనేదే గుర్తుంటుంది.

Decline, Tentative, Propose New Time: ఏది నొక్కాలి?

చిన్న విషయంలా ఉంటుంది గానీ ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు.

అవుట్‌లుక్‌లో `Decline` నొక్కితే మామూలుగా ఆ మీటింగ్ మీ క్యాలెండర్ నుంచి మాయమవుతుంది. "విషయం మారితే వస్తాను" అని రాసి `Decline` నొక్కారనుకోండి, తీరా ఆయన "సరే, రండి" అన్నప్పుడు లింకు కోసం డిలీట్ అయినవాటిలో వెతుక్కోవాలి. కాబట్టి షరతు పెట్టి చెప్తుంటే `Tentative` నొక్కండి, సంగతి తేలాక `Decline` చేయండి. గూగుల్ క్యాలెండర్‌లో అయితే వద్దన్న మీటింగ్‌ని గీత కొట్టి అక్కడే ఉంచుకోవచ్చు, సెట్టింగ్స్‌లో `Show declined events` పెట్టుకుంటే.

పాత అవుట్‌లుక్‌లో `Decline` కింద మూడు దారులు చూపిస్తుంది. `Edit the Response before Sending` ఎంచుకుని రెండు వాక్యాలు రాయండి. `Do Not Send a Response` మాత్రం ముట్టుకోకండి, అది నొక్కితే మీరు రావట్లేదని ఆయనకి తెలియను కూడా తెలియదు. రాత్రి 8:35కి "ఎక్కడున్నారు?" అని పింగ్ వచ్చేది అందుకే.

గూగుల్‌లో మీరు రాసే నోట్, అతిథుల జాబితా చూడగలిగేవాళ్ళకి కూడా మీ పేరు దగ్గర కనిపించవచ్చు. అందుకని అక్కడ "రాలేకపోతున్నాను, వివరాలు చాట్‌లో పంపాను" అని మాత్రం రాసి, అసలు సరుకు విడిగా పంపుతాను. నిజానికి ఏ క్యాలెండర్ అయినా సరే చాట్‌లో కూడా పంపాల్సిందే, ఇన్వైట్ జవాబుల మెయిళ్ళు తెరిచి చదివే లీడ్‌ని నేనింతవరకు చూడలేదు.

ఇక `Propose New Time`. అజెండా లేని మీటింగ్‌కి ఇది వాడితే ఖాళీ డబ్బాని గురువారం నుంచి శుక్రవారానికి జరిపినట్టు. పైగా ఆ టైమ్ మీరే ఇచ్చారు కాబట్టి ఈసారి తప్పించుకోలేరు. విషయం తెలిసి, టైమ్ ఒక్కటే ఇబ్బంది అయినప్పుడే అది పనికొస్తుంది.

మేనేజరే పిలిస్తే? నాకు మొహమాటం అండీ.

మొహమాటం అందరికీ ఉంటుంది. నేను గమనించింది ఏంటంటే, మొహమాటం వల్ల మనం మెసేజ్‌లో క్షమాపణలు ఎక్కువ, విషయం తక్కువ రాస్తాం. "సారీ సర్, చాలా సారీ, కొంచెం పనుంది సర్, ఏమీ అనుకోకండి" అని మూడు లైన్లు. చదివినాయనకి రావట్లేదని తెలుస్తుంది గానీ తన పని ఏమవుతుందో తెలియదు. ఒక్క "రాలేను సర్" చాలు, మిగతా చోటు ఆయన పనికి ఇవ్వండి.

మేనేజర్‌కి అయితే కాదనే మాటని ప్రశ్నగా మార్చి వాళ్ళ చేతిలో పెట్టేస్తాను: "మేడమ్, మూడింటి మీటింగ్ సోమవారం రిలీజ్ గురించే అయితే, మిగిలిన నాలుగు పనుల జాబితా, ఏది ఎవరి దగ్గరుందో కింద రాశాను. ఇది మీకు సరిపోతే నేను ఆ గంట టెస్టింగ్ మీద ఉంటాను, లేదంటే వస్తాను, మీ ఇష్టం." ఇక్కడ మీ ఇష్టం అన్నది నిజంగానే అనాలి. ఆవిడ రమ్మంటే మళ్ళీ వాదించకుండా వెళ్ళిపోవాలి.

తోటివాళ్ళతో ఇంత తతంగం అక్కర్లేదు. "అన్నా, నాలుగింటికి పెట్టింది ఆ లాగిన్ బగ్ గురించేనా? అయితే ఫిక్స్ ఇప్పుడే పెట్టా, చూసి చెప్పు, మళ్ళీ కాల్ ఎందుకు" అంటే చాలు.

కొత్తగా చేరినవాళ్ళు, మొదటి ఆరు నెలల్లో ఉన్నవాళ్ళు, వేరే టీమ్ ఇన్వైట్‌ని సొంతంగా కాదనొద్దు. ముందు మీ లీడ్‌ని "అక్కా, దీనికి మన టీమ్ నుంచి ఎవరు వెళ్తున్నారు?" అని అడగండి. చాలాసార్లు "నేను వెళ్తున్నా, నువ్వు పని చూసుకో" అనే జవాబే వస్తుంది.

ఎప్పుడు అస్సలు కాదనకూడదు?

ఇద్దరే ఉన్న ఇన్వైట్‌ని. అజెండా లేకపోయినా సరే, ముఖ్యంగా మీ పై ఆయన నుంచి వస్తే. హెచ్‌ఆర్ పేరు ఉంటే. సైట్ పడిపోయి అప్పటికప్పుడు పెట్టిన కాల్‌ని, అక్కడ అజెండా రాసే తీరిక ఎవరికీ ఉండదు. క్లయింట్ పంపినదాన్ని కూడా మీరు కాదనకండి, మీ మేనేజర్ ద్వారానే వెళ్ళాలి.

ఇది నేను నేర్చుకున్న విధానం అంత గొప్పగా లేదు. చాలా ఏళ్ళ క్రితం, వేరే కంపెనీలో, శుక్రవారం సాయంత్రం మా డైరెక్టర్ నుంచి ఇన్వైట్ వచ్చింది, "టీమ్ కనెక్ట్", అరగంట, వివరాలు లేవు. నేనప్పుడు అజెండా లేనివాటికి వెళ్ళనని కొత్తగా ప్రతిజ్ఞ పట్టి ఉన్నాను. "ప్రాజెక్టు పరిస్థితి ఇక్కడ రాశాను, ఇంకేమైనా ఉంటే సోమవారం మాట్లాడదాం" అని చక్కటి పట్టిక జతచేసి `Decline` నొక్కాను. ఆ కాల్‌లో ఆయన చెప్పింది, మా ప్రాజెక్టు ఆ నెలాఖరుకి ఆగిపోతోందని. టీమ్‌లో అందరికీ ఆయన నోటితో తెలిసింది, నాకు బస్సులో ఉండగా వాట్సాప్‌లో తెలిసింది. ఆగిపోయే ప్రాజెక్టుకి రంగులేసిన పట్టిక పంపినవాడిగా కొన్నాళ్ళు మిగిలాను.

కొన్ని విషయాలు ఇన్వైట్‌లో రాయకూడదు కాబట్టే రాయరు. గుర్తుపట్టడం మరీ కష్టమేం కాదు: పంపినాయన రెండు మెట్లు పైనుంటారు, మామూలుగా మీటింగులు పెట్టే మనిషి కాదు, మొత్తం టీమ్‌ని పిలుస్తారు, పక్క టీమ్‌వాళ్ళు ఎవరూ ఉండరు, టైమ్ అదే రోజో మర్నాడో ఉంటుంది. వీటిలో రెండు కనపడినా నోరు మూసుకుని వెళ్ళండి.

ప్రతి వారం వచ్చే సిరీస్ అయితే?

సిరీస్ మొత్తాన్ని ఒకేసారి కాదనకండి, ఆ ఒక్క వారానికే చెప్పండి. గూగుల్‌లో `This event`, `This and following events`, `All events` అని అడుగుతుంది, తొందరలో మూడోది నొక్కి తర్వాత నాలుక కరుచుకున్నవాళ్ళు ఉన్నారు. అవుట్‌లుక్‌లో కూడా ఈ ఒక్కటా, సిరీస్ మొత్తమా అనేది చూసుకునే నొక్కండి.

సిరీస్ నడిపేవాళ్ళకి నేను ఇచ్చే ప్రత్యామ్నాయం ఒకటే: మీటింగ్ రోజు మధ్యాహ్నం వరకు తెరిచి ఉండే ఒక పేజీ. ఎవరికి ఏ విషయం ఉంటే వాళ్ళు పేరుతో సహా ఒక లైన్ రాస్తారు. మూడింటికి పేజీ ఖాళీగా ఉంటే ఆ వారం మీటింగ్ రద్దు. ఎవరూ ఎవరినీ కాదనక్కర్లేదు. మొదటి రెండు వారాలు మీరే గుర్తుచేయాలి, ఆ పేజీని మర్చిపోవడమే అందరూ చేసేది.

అమెరికా టీమ్‌తో సిరీస్ ఉంటే నవంబర్ మొదటి ఆదివారం గుర్తుపెట్టుకోండి. వాళ్ళు గడియారాలు వెనక్కి తిప్పుతారు, మనం తిప్పం. డాలస్ ఉదయం 10కి పెట్టిన సిరీస్ వేసవిలో మనకి రాత్రి 8:30, ఆ ఆదివారం నుంచి 9:30. మళ్ళీ మార్చి రెండో ఆదివారం దాకా అంతే. ఈ సిరీస్ అసలు ఇంకా కావాలా అని అడగడానికి ఏడాదిలో ఇంతకంటే సహజమైన సందర్భం దొరకదు: "వచ్చే వారం నుంచి ఇది మాకు 9:30 అవుతోంది, వారం విడిచి వారం పెట్టుకుని, మధ్య వారంలో రాతపూర్వకంగా అప్‌డేట్ ఇవ్వమంటారా?" మేం ఇలాగే ఒకదాన్ని సగానికి తగ్గించాం.

ఎంత ముందు చెప్పాలి?

ఇన్వైట్ చూసిన రోజే. మీటింగ్‌కి పది నిమిషాల ముందు రాననడం కంటే వెళ్ళి కూర్చోవడమే మర్యాద. అమెరికావాళ్ళకి అయితే వాళ్ళు నిద్ర లేచేసరికి మీ మెసేజ్ అక్కడ ఉండాలి, అప్పుడే మీటింగ్ రద్దు చేయడానికో మార్చడానికో వాళ్ళకి వ్యవధి ఉంటుంది.

నేను రానన్నాక, నేను లేకుండానే మీటింగ్ జరిగి, నాకు పనికిరాని నిర్ణయం తీసుకుంటే?

జరుగుతుంది. ఇది ఈ పద్ధతిలో ఉన్న నిజమైన నష్టం, దీన్ని పూర్తిగా తప్పించే దారి నాకు దొరకలేదు. తగ్గించొచ్చు. నా మెసేజ్‌లోనే నాకు తెలియకుండా తేల్చకూడనిది ఏంటో రాసేస్తాను: "ఫైల్ టైమ్ ఎలా మార్చినా నాకు ఓకే, కాలమ్ పేర్లు మాత్రం నన్ను అడిగి మార్చండి, వాటిమీద ఇంకో రెండు రిపోర్టులు ఆధారపడి ఉన్నాయి." ఇలా కారణంతో సహా రాస్తే గదిలో ఎవరో ఒకరు దాన్ని గుర్తుచేస్తారు. మర్నాడు పొద్దున్నే "ఏం తేలింది?" అని ఒక్కరిని అడగండి, నోట్స్ కోసం ఎదురుచూడకండి.

నిర్ణయం అయిపోయాక నచ్చలేదని మళ్ళీ తవ్వడం మాత్రం బాగుండదు. పిలిచారు, మీరు వెళ్ళలేదు. నిజంగా పని చెడిపోయే విషయమైతే తప్ప దాంతోనే సర్దుకోవాలి. ఒకే మనిషి మీటింగుల్లో ఇలా రెండోసారి జరిగిందంటే ఆయన మీటింగులకి అజెండా ఉన్నా లేకపోయినా నేను వెళ్తాను, ఎందుకంటే అక్కడ నిర్ణయాలు గదిలోనే జరుగుతాయని, రాసినవి ఎవరూ చదవరని తెలిసిపోయింది కాబట్టి.

జవాబే రాకపోతే? మెసేజ్ పంపాను, చూశారు, ఏమీ అనలేదు.

మీటింగ్ ఇంకా క్యాలెండర్‌లో ఉంటే వెళ్ళండి. ఆయన మౌనాన్ని మీకు అనుకూలంగా అర్థం చేసుకోకండి. వెళ్ళినప్పుడు మొదటి రెండు నిమిషాల్లో "నిన్న పంపిన దాంట్లో ఈ రెండు ప్రశ్నలు రాశాను, వీటితో మొదలుపెడదామా?" అనండి. అప్పటిదాకా అజెండా లేని మీటింగ్‌కి మీ మెసేజే అజెండా అవుతుంది, చాలాసార్లు గంట మీటింగ్ 25 నిమిషాల్లో ముగుస్తుంది.

అజెండా లేకుండా పంపేది నేనే అయితే?

అందరం పంపుతాం. పోయిన నెల నేనే "ఒక్కసారి మాట్లాడాలి" అని ముగ్గురికి ఇన్వైట్ పెట్టాను, అందులో ఒకమ్మాయి, ఇదే పేజీలోని మాటలు కాస్త మార్చి నాకే తిరిగి పంపింది. ఆవిడ ఊహించిన ప్రశ్న తప్పు, నేను సరిదిద్దుతూ రాసేసరికి జవాబు నాకే తట్టింది, మీటింగ్ తీసేశాను.